రెండు పేపర్ల నడుమ మధ్యాహ్నం

సివిల్స్ ప్రిలిమ్స్ ఒకే ఆదివారం రెండు పూటలా జరుగుతుంది. పొద్దున 9.30 నుంచి 11.30 వరకు జనరల్ స్టడీస్, మధ్యాహ్నం 2.30 నుంచి 4.30 వరకు సీశాట్. ఈ రెండింటి మధ్య మూడు గంటల ఖాళీ ఉందనే లెక్కతోనే చాలామంది పరీక్షకు బయల్దేరతారు. రెండు పేపర్లకూ నెలల తరబడి ప్రణాళిక వేసుకున్నవాళ్లు కూడా ఈ మూడు గంటలను ఆ పూటకు వదిలేస్తారు. ఆకలేస్తే ఏదో ఒకటి తినొచ్చు, ఎక్కడో ఒకచోట కూర్చోవచ్చు అనుకుంటారు. ఆ పూట వచ్చేసరికి ఎండ మండిపోతుంటుంది, హోటళ్ల ముందు జనం నిలబడి ఉంటారు, సెంటర్ గేటు బయట నీడ ఉండదు.

ఈ అధ్యాయంలో చెప్పేది ఒక్కటే. ఆ మధ్యాహ్నాన్ని శనివారం నాడే నిర్ణయించి పెట్టుకోవాలి. ఎక్కడ కూర్చోవాలి, ఏం తినాలి, ఎవరితో మాట్లాడాలి అన్న ప్రశ్నల్లో ఒక్కటి కూడా ఆదివారం పన్నెండింటికి మీ ముందు మిగిలి ఉండకూడదు.

చేతికి మిగిలే సమయం ఎంత?

గడియారాన్ని వెనక నుంచి లెక్కపెట్టండి. యూపీఎస్సీ ఇటీవలి హాల్ టికెట్ల ప్రకారం పరీక్ష మొదలవడానికి అరగంట ముందే గేటు మూసేస్తారు. పొద్దున 9 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు. ఆ తర్వాత ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపరు. పొద్దున పేపర్ రాసినవాళ్లకైనా ఇందులో మినహాయింపు లేదు. మళ్లీ తనిఖీ ఉంటుంది, మళ్లీ వరుస ఉంటుంది. కాబట్టి 1.30కి గేటు దగ్గర ఉండాలి.

ఇప్పుడు ముందు నుంచి చూడండి. 11.30కి బెల్లు మోగినా మీరు లేవలేరు. ఇన్విజిలేటర్ గదిలోని ఓఎంఆర్ పత్రాలన్నీ తీసుకుని, లెక్క సరిచూసుకున్నాకే కదలనిస్తారు. మెట్ల మీద రద్దీ, టాయిలెట్ దగ్గర వరుస దాటుకుని గేటు బయటికి వచ్చేసరికి 11.45 అవుతుంది. అంటే 11.45 నుంచి 1.30 వరకు గంటా నలభై అయిదు నిమిషాలు. మూడు గంటలు అనుకున్నదాంట్లో మీ చేతికి దక్కేది అంతే.

రాష్ట్ర సర్వీసు పరీక్షల్లో ఇది ఇంకా తగ్గుతుంది. 2024 డిసెంబరులో జరిగిన తెలంగాణ గ్రూప్-2లో పొద్దున పేపర్ 10 నుంచి 12.30 వరకు, మధ్యాహ్నం పేపర్ 3 నుంచి 5.30 వరకు. గేటు 2.30కి మూసేశారు. 2025 ఫిబ్రవరిలో జరిగిన ఏపీ గ్రూప్-2 మెయిన్స్‌లోనూ పేపర్లకు ఇవే వేళలు. మీరు రాసేది ఏ పరీక్ష అయినా పద్ధతి మారదు. హాల్ టికెట్ మీద గేటు మూసే సమయం చూసి దానికి అరగంట తగ్గించండి. పేపర్ ముగిసే సమయానికి పావుగంట కలపండి. ఆ రెండు అంకెల మధ్య ఉన్నదే మీ మధ్యాహ్నం.

ఆ లెక్క వేసుకోగానే కొన్ని ఆలోచనలు వాటంతట అవే పక్కకు పోతాయి. ఆటో ఎక్కి ఊళ్లో మంచి భోజన హోటల్‌కు వెళ్లి రావడం కుదరదు. ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న బంధువుల ఇంటికి వెళ్లి భోంచేసి, కాసేపు నడుం వాల్చి రావడం కూడా కుదరదు. వెళ్లడం ఒక ఎత్తు, ఎండలో ఆటో దొరికి తిరిగి రావడం మరో ఎత్తు.

నీడను శనివారం వెతకండి

ప్రిలిమ్స్ తేదీలు చూడండి. 2024లో జూన్ 16, 2025లో మే 25. రెండోది రోహిణి కార్తె మొదలయ్యే రోజులు. విజయవాడలోనో వరంగల్‌లోనో ఆ రోజుల్లో మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ ఎండలో గంటన్నర రోడ్డు పక్కన నిలబడిన మనిషి 2.30కి సీశాట్‌లో పేరాగ్రాఫ్ చదువుతుంటే, ఒకే వాక్యాన్ని రెండుసార్లు చదవాల్సి వస్తుంది. తలనొప్పి, నోరు ఎండిపోవడం, చిరాకు ఇవన్నీ ఒంట్లో నీరు తగ్గిందని చెప్పే గుర్తులే. పేపర్ కష్టంగా వచ్చిందని ఆ సమయంలో అనిపిస్తుంది కానీ, అందులో కొంత వాటా ఎండది.

పరీక్షా కేంద్రం భోజనం పెట్టదు, కూర్చునే చోటు ఇస్తామని హామీ కూడా ఇవ్వదు. కొన్ని కాలేజీల్లో చెట్ల కింద, వరండాల్లో కూర్చోనిస్తారు. కొన్నిచోట్ల అందరినీ బయటికి పంపి గేటు వేస్తారు. అది ఆ కేంద్రం చూసేవాళ్ల మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి బయటికి పంపేస్తారనే అనుకుని సిద్ధపడండి. లోపల ఉండనిస్తే సంతోషం.

శనివారం సాయంత్రం సెంటర్ చూడటానికి అందరూ వెళ్తారు. గేటు చూసి తిరిగి వచ్చేస్తారు. మీరు అక్కడ ఇంకో పావుగంట ఉండి, పది నిమిషాల నడక దూరంలో ఏముందో చూడండి. గుడి మండపం, చెట్లున్న పార్కు, ఫంక్షన్ హాలు అరుగు, ఫ్యాన్లున్న టిఫిన్ సెంటర్ ఏదైనా పనికొస్తుంది. అక్కడివాళ్లను రెండు ప్రశ్నలు అడగండి: ఆదివారం మధ్యాహ్నం తెరిచి ఉంటుందా, కాసేపు కూర్చోనిస్తారా? ఆదివారం అన్న మాట ముఖ్యం. ఆఫీసుల దగ్గరి మెస్సులు చాలావరకు ఆ రోజు తెరవరు. గుళ్లు మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి బయటి మండపం అందుబాటులో ఉంటుందో లేదో తెలుసుకోవాలి. మొదటి చోటు కుదరకపోతే వెళ్లడానికి రెండోది కూడా చూసి పెట్టుకోండి.

ఒంటరిగా వేరే ఊరి నుంచి వచ్చేవాళ్లకు ఇంకో దారి ఉంది. సెంటర్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో 24 గంటల చెకౌట్ ఉన్న లాడ్జి తీసుకోండి. శనివారం సాయంత్రం 5.30కి దిగితే ఆదివారం సాయంత్రం 5.30 దాకా గది మీదే. మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చుని తినొచ్చు, బ్యాగూ ఫోనూ అక్కడే ఉంచొచ్చు. ఇదేమీ చిన్న సౌకర్యం కాదు. సెంటర్‌లోకి ఫోన్లు, బ్యాగులు తేవద్దని యూపీఎస్సీ స్పష్టంగా చెబుతుంది, తెస్తే వాటి భద్రతకు పూచీ ఇవ్వదు. మధ్యాహ్నం 12 గంటలకే ఖాళీ చేయాలనే లాడ్జి అయితే దిగేటప్పుడే అదనపు గంటల సంగతి మాట్లాడుకోండి. పేపర్ రాసి వచ్చాక సామాను సర్దుకునే పని పెట్టుకోకండి.

తినేది ఎప్పుడు, ఎంత, ఏది

ఏం తినాలన్నదాని కంటే ముందు ఎప్పుడు తినాలో తేల్చుకోవాలి. బయటికి రాగానే, అంటే 12 గంటలకల్లా, తినడం మొదలుపెట్టండి. ఒంటిగంట దాకా ఆగి కడుపునిండా తింటే సరిగ్గా పేపర్ మొదలయ్యే వేళకు బరువు దిగుతుంది. 12కే తింటే మధ్యలో రెండున్నర గంటల వ్యవధి ఉంటుంది.

అయితే ఇందులో ఇంకో సమస్య ఉంది. సీశాట్ ముగిసేది 4.30కి. పన్నెండింటి భోజనం నాలుగున్నర గంటలు నిలబడాలి. పైగా 1.30కి లోపలికి వెళ్లాక తినే అవకాశం లేదు. అందుకని భోజనాన్ని రెండుగా విడదీయండి. 12 గంటలకు మామూలుగా తినేదాంట్లో మూడింట రెండు వంతులు, 1.15కి ఒక అరటిపండు, కొన్ని వేయించిన పల్లీలు. ఈ రెండోది మర్చిపోయినవాళ్లకు 3.45 ప్రాంతంలో, లెక్కల ప్రశ్నలు మిగిలి ఉన్న సమయంలో, ఓపిక తగ్గిపోతుంది.

పన్నెండింటి ఆకలిని అదుపులో పెట్టేది పొద్దున తిన్న టిఫిన్. ఏడింటికి కాఫీతో సరిపెట్టి వస్తే పన్నెండింటికి బిర్యానీ పాయింట్ వాసన మిమ్మల్ని లాక్కుపోతుంది. పొద్దున ఇడ్లీయో ఉప్మాయో కడుపుకు సరిపడా తిని రండి. అలవాటు లేని తిండి ఆ రోజు ఏ పూటా వద్దు.

ఇంటి నుంచి తెచ్చుకునేదాంట్లో పులిహోర, పెరుగన్నం రెండూ మనకు తరతరాలుగా ప్రయాణాల్లో అక్కరకొచ్చినవే. కానీ పొద్దున ఆరింటికి కట్టిన డబ్బా పన్నెండింటికి తెరుస్తాం, ఆ ఆరు గంటలూ వేసవివి. అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా వండినా చావని బీజాలను మిగులుస్తుంది. అన్నం గోరువెచ్చగా ఎక్కువసేపు ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఒక్కోసారి వాసనలో తేడా కూడా తెలియదు. అందుకే పాడైందా అని మధ్యాహ్నం చూసుకోవడం కంటే పాడుకాకుండా పొద్దునే కట్టుకోవడం మేలు.

పులిహోర అయితే అన్నం ఆ పొద్దునే వండాలి. రాత్రి వండి బయట ఉంచిన అన్నంతో కలపకూడదు. పలుకుగా వండి వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఆవిరి పోయేదాకా ఫ్యాను కింద ఆరబెట్టాలి. పొగలు కక్కుతుండగా మూత బిగిస్తే ఆ ఆవిరి నీరై అన్నం మీదే పడుతుంది. తొందరగా పాడయ్యేది ఆ తడి వల్లే. చింతపండు పులుపు కొంచెం గట్టిగానే ఉండనివ్వండి. బ్యాక్టీరియాను అడ్డుకునేది ఆ పులుపే. కొబ్బరి పచ్చడి, ఉడికించిన గుడ్డు ఈ డబ్బాలోకి వద్దు.

పెరుగన్నం అయితే పెరుగు కలిపి కట్టకండి, మధ్యాహ్నానికి పుల్లగా మారిపోతుంది. మెత్తగా వండిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు పోసి, చెంచాడు పెరుగు తోడు వేసి కలపండి. పన్నెండింటికి పుల్లబడకుండా కమ్మగా ఉంటుంది. రెండు డబ్బాల్లో ఏది పెట్టినా దాన్ని ఆనించి, రాత్రంతా ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన అర లీటరు నీళ్ల సీసా ఒకటి మందపాటి సంచిలో పెట్టండి. పొద్దుటి నుంచి అది డబ్బాను చల్లగా ఉంచుతుంది, మధ్యాహ్నం కరిగి చల్లటి మంచినీళ్లవుతుంది. మూత తీయగానే అన్నం జిగురుగా సాగినా, పులిసిన వాసన వచ్చినా ఆలోచించకుండా పక్కన పెట్టేయండి. అందుకే అరటిపళ్లు రెండు ఎక్కువ ఉండాలి.

నీళ్లు కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి. 1.30కి ఒక్కసారిగా సీసా ఖాళీ చేస్తే మూడింటికి టాయిలెట్‌కు లేవాల్సి వస్తుంది. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ చాలామందికి సరిపోతుంది. ఓఆర్‌ఎస్ తెచ్చుకుంటే పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో మొత్తంగా కలపాలి. గ్లాసులో కొంచెం కొంచెం వేసుకుంటే ఉప్పు పాళ్లు తప్పుతాయి.

చేతిలోని ప్రశ్నపత్రం

ప్రిలిమ్స్‌లో ఓఎంఆర్ ఇచ్చేసి ప్రశ్నపత్రం ఇంటికి తీసుకెళ్లనిస్తారు. సాయంత్రానికి అది మేలే. మధ్యాహ్నం మాత్రం అదే పెద్ద చిక్కు. గేటు బయట నలుగురు గుమిగూడతారు, ఒకరు 37వ ప్రశ్నకు జవాబేమిటంటారు, ఇంకొకరు వేరేది చెబుతారు. ఫోన్ తీస్తే గ్రూపుల్లో అప్పటికే ఎవరో రాసిన కీ తిరుగుతుంటుంది. ఆ కీ తప్పయి ఉండొచ్చు. ఒప్పయినా దాంతో చేసేదేమీ లేదు, ఓఎంఆర్ వెళ్లిపోయింది.

సీశాట్ సంగతి గుర్తుపెట్టుకోండి. అది అర్హత పేపర్. 200కు 33 శాతం, అంటే 66 మార్కులు రావాలి. అవి రాకపోతే పొద్దున పేపర్ ఎంత బాగా రాసినా లెక్కలోకి రాదు. 80 ప్రశ్నలు, ఒక్కోదానికి 2.5 మార్కులు. తప్పయితే మూడో వంతు కోత. ఒక్క తప్పూ లేకుండా 27 సరైనవి రాస్తే గట్టెక్కినట్టే. కానీ ఆరు తప్పులు జరిగితే రెండు సరైన జవాబుల మార్కులు పోతాయి, అప్పుడు 29 కావాలి. పొద్దున పేపర్ చెడిందని కుంగిపోయినవాళ్లు, బాగా రాశామని తేలిగ్గా తీసుకున్నవాళ్లు ఇద్దరూ ఈ తప్పుల దగ్గరే దెబ్బతింటారు. కుంగినవాళ్లు పోయింది రాబట్టాలని ఊహించి గీతలు పెడతారు, తేలిగ్గా తీసుకున్నవాళ్లు ప్రశ్న పూర్తిగా చదవరు.

కాబట్టి బయటికి రాగానే ప్రశ్నపత్రాన్ని మడిచి, వెంట వచ్చినవాళ్లకు ఇచ్చేయండి, లేదా సంచి అడుగున పెట్టండి. ఫోన్ 4.45 దాకా ఆఫ్‌లోనే ఉండాలి. స్నేహితులతో కలిసి వస్తే, జవాబుల ఊసు ఎత్తకూడదని శనివారమే అనుకోండి. మధ్యాహ్నం ఎవరైనా వచ్చి అడిగితే "సాయంత్రం మాట్లాడుకుందాం" అని చెప్పి లేచి పక్కకు వెళ్లడం తప్పేమీ కాదు.

కునుకు తీయొచ్చా?

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి మధ్య ఒళ్లు కొంచెం మందగించడం సహజం. భోజనం మానేసినా అది వస్తుంది, ఎక్కువ తింటే ఇంకా పెరుగుతుంది. సీశాట్ మొదలయ్యేది ఆ వేళలోనే. పది నుంచి ఇరవై నిమిషాల కునుకు దీనికి బాగా పనిచేస్తుంది. అరగంట దాటితే నిద్ర లోతుకు వెళ్తుంది, లేచాక ఆ మత్తు వదలడానికి మళ్లీ సమయం పడుతుంది. అందుకని 12.40కి పడుకుంటే 1 గంటకు లేవాలి. లేపే మనిషి పక్కన ఉంటేనే పడుకోండి. ఒంటరిగా ఉంటే కళ్లు మూసుకుని కూర్చోవడంతో ఆపండి. టీ, కాఫీ అలవాటున్నవాళ్లు ఒంటిగంట ప్రాంతంలో ఒక చిన్న కప్పు తాగొచ్చు. దాని ప్రభావం అరగంట తర్వాత మొదలై పేపర్ వేళకు అందుతుంది. అలవాటు లేనివాళ్లు ఆ రోజు మొదలుపెట్టకండి.

అదనపు సమయం ఉన్నవాళ్లకు

చూపు లేనివారికి, రాయడానికి ఇబ్బంది ఉన్న దివ్యాంగులకు నిబంధనల ప్రకారం గంటకు 20 నిమిషాల అదనపు సమయం ఉంటుంది. రెండు గంటల ప్రిలిమ్స్ పేపర్‌కు 40 నిమిషాలు. అంటే పొద్దున పేపర్ 12.10కి ముగుస్తుంది. బయటికి వచ్చేసరికి 12.25. గేటు మాత్రం అందరికీ 2 గంటలకే. మిగతావాళ్లకు గంటా నలభై అయిదు నిమిషాలు దక్కితే వీళ్లకు దక్కేది గంటా అయిదు నిమిషాలు. మెయిన్స్‌లో మూడు గంటల పేపర్‌కు గంట అదనం కాబట్టి అక్కడ విరామం ఇంకా కుదించుకుపోతుంది.

వీళ్లు సెంటర్ దాటి ఎక్కడికీ వెళ్లే ఆలోచన పెట్టుకోకూడదు. ప్రాంగణంలోనే తినడానికి వీలవుతుందా అని ముందే సెంటర్ సూపర్‌వైజర్‌ను అడగాలి. తెలియకుండా మరిచిపోయేది ఇంకొకటి ఉంది. సొంతంగా లేఖకుడిని తెచ్చుకున్నవాళ్లు ఆ మనిషి భోజనం కూడా కట్టుకుని రావాలి. మధ్యాహ్నం రెండు గంటలా నలభై నిమిషాలు మీ కోసం రాయాల్సిన చెయ్యి అది.

చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు కూడా ఇలాగే ముందు అడగాలి. ఎన్‌టీఏ పరీక్షల్లో వాళ్లకు చక్కెర బిళ్లలు, అరటి, ఆపిల్ లాంటి పండు, పారదర్శకమైన నీళ్ల సీసా అనుమతిస్తారు. మీ పరీక్షకు ఏం రాసి ఉందో హాల్ టికెట్‌లో చూసుకుని, డాక్టర్ చీటీ దగ్గర పెట్టుకోండి. మందు వేసుకునే వేళనూ పన్నెండింటి భోజనానికి తగ్గట్టు సర్దుకోవడం గురించి డాక్టర్‌తో ముందే మాట్లాడండి.

ఒక మధ్యాహ్నం, మొదటి నుంచి చివరి దాకా

ఏలూరు అమ్మాయికి విజయవాడలో సెంటర్ పడిందనుకుందాం. శనివారం మధ్యాహ్నం నాన్నతో కలిసి రైల్లో వచ్చి పిన్ని ఇంట్లో దిగింది. పిన్ని ఇల్లు సెంటర్‌కు ఏడు కిలోమీటర్లు. "రేపు మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడివేడిగా తినేసి వెళ్లు" అంది పిన్ని. అమ్మాయి లెక్క వేసి చూసింది. రాను ఇరవై అయిదు నిమిషాలు, పోను ఇరవై అయిదు నిమిషాలు, ఆటో కోసం ఎదురుచూపు. మిగిలేది నలభై నిమిషాలు. "వద్దు పిన్నీ, పులిహోర కట్టివ్వు చాలు" అంది.

సాయంత్రం ఇద్దరూ సెంటర్ చూసి, రెండు వీధుల అవతల చెట్లున్న చిన్న పార్కు చూసుకున్నారు. మధ్యాహ్నం పార్కు మూస్తే పక్కనే ఉన్న టిఫిన్ సెంటర్ రెండో చోటు. రాత్రి పడుకోబోయే ముందు అమ్మాయి నాన్నతో, "రేపు బయటికి రాగానే ఎలా రాశావని అడగొద్దు నాన్నా, సాయంత్రం నేనే చెప్తాను" అంది. ఆయన సరేనన్నారు.

ఆదివారం 11.45కి ఆమె గేటు బయటికి వచ్చింది. ప్రశ్నపత్రం నాన్న చేతికిచ్చింది. ఆయన నీళ్ల సీసా ఇచ్చి ముందు నడిచారు. 11.55కి నీడలో కూర్చున్నారు. 12.20కి తినడం అయింది, డబ్బాలో మూడో వంతు మిగిలింది, దాన్ని బలవంతంగా తినలేదు. కాసేపు అటూ ఇటూ నడిచి, 12.40కి బల్ల మీద తల ఆనించి కళ్లు మూసుకుంది. ఒంటిగంటకు నాన్న లేపారు. ముఖం కడుక్కుని, తను తయారుచేసుకున్న ఒకే ఒక్క పేజీ చూసుకుంది. అందులో ఉన్నది శాతాల, నిష్పత్తుల సూత్రాలు, మొదట ఏ విభాగం చేయాలన్న క్రమం. కొత్త లెక్క ఒక్కటీ చేయలేదు. 1.15కి అరటిపండు, పల్లీలు. 1.30కి హాల్ టికెట్, గుర్తింపు కార్డు, నల్ల బాల్ పెన్నులు చూసుకుని గేటు దగ్గర నిలబడింది. వరుస దాటాక ముందు టాయిలెట్‌కు వెళ్లి, తర్వాత తన గదిలోకి వెళ్లింది. 2 గంటలకు ఆమె కుర్చీలో కూర్చుని ఉంది.

ఆ మధ్యాహ్నమంతటిలో ఆమె అప్పటికప్పుడు తేల్చుకోవాల్సింది ఒక్కటే మిగిలింది. పార్కు తెరిచి ఉందా లేదా అన్నది. దానికీ రెండో చోటు సిద్ధంగా ఉంది.

శనివారం రాత్రి రాసుకోవాల్సిన అయిదు మాటలు

ఒక కాగితం మీద ఇవి రాసి, వెంట వచ్చేవాళ్లకు చూపించండి.

1. గేటు మూసే సమయం, నేను గేటు దగ్గర ఉండాల్సిన సమయం.
2. కూర్చునే మొదటి చోటు, రెండో చోటు.
3. 12 గంటలకు తినేది, 1.15కి తినేది, ఆ సంచి ఎవరి దగ్గర ఉంటుంది.
4. ప్రశ్నపత్రం ఎవరికి ఇవ్వాలి, ఫోన్ ఎప్పుడు తీయాలి.
5. నన్ను లేపేది ఎవరు, ఎన్ని గంటలకు.

ఈ అయిదింటిలో జవాబు రాయలేని గడి ఏదైనా ఉంటే, ఆ రాత్రి పుస్తకం తెరిచే ముందు దాన్ని పూర్తిచేయండి. నెలలుగా చదివిన చదువుకు ఆ రాత్రి ఒక గంట చదివి కలపగలిగేది చాలా తక్కువ. ఆ ఖాళీ గడి మాత్రం మధ్యాహ్నం పేపర్‌లో మార్కులు తగ్గించగలదు.